నీళ్లు తప్ప ఏమీ వద్దు

మా వదినకి పిత్తాశయంలో రాళ్లున్నాయని, ఆపరేషన్ చేసి తీసేయక తప్పదని తెనాలిలో ఆసుపత్రివాళ్లు చెప్పారు. చెప్పి, చేతిలో ఒక కాగితం పెట్టి పంపారు. ఆవిడ నేరుగా ఆ ఊళ్లోనే ఉన్న మా ఇంటికి వచ్చి, చెప్పులైనా విప్పకుండా ఆ కాగితం నా ఒళ్లో పడేసింది.

"చూడమ్మాయ్, ఇదేదో తద్దినం మంత్రంలా ఉంది. నువ్వు తెలుగు టీచరువి కదా, నాకు తెలుగులో చెప్పు" అంది.

నేను నవ్వుతూనే అందుకున్నాను. చదువుతుంటే నవ్వు ఆగిపోయింది. "శస్త్రచికిత్సకు పూర్వము ఆరు గంటల కాలవ్యవధిలో ఘనాహారమును, రెండు గంటల కాలవ్యవధిలో పారదర్శక ద్రవములను స్వీకరించుట నిషిద్ధము. అనుసరించని పక్షమున జఠరస్థ పదార్థములు శ్వాసకోశమునందు ప్రవేశించు అవకాశము కలదు." రిటైరయ్యేదాకా పిల్లలకు పద్యాలు చెప్పి బతికినదాన్ని. నాకే రెండోసారి చదివితే గాని బోధపడలేదు. ఇది రేపు కత్తి కిందకి వెళ్లబోయే మనిషి చేతిలో పెట్టే కాగితమా అని ఒళ్లు మండిపోయింది.

నా కోపం గురించి మా వీధిలో అందరికీ తెలుసు. మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్లి, ఆ కాగితం ఎవరు రాశారో వాళ్లని పిలవమన్నాను. రాసినవాళ్లు ఎవరో అక్కడ ఎవరికీ తెలియదు. చివరికి మత్తు డాక్టరు వచ్చింది. నా దగ్గర చదువుకున్న పిల్లల ఈడుది. నేను దులపదలచుకున్నదంతా దులిపేదాకా చేతులు కట్టుకుని విని, "మీరు చెప్పింది నిజమేనండి. మరి మీరే రాసిపెట్టండి. అయితే ఒక్క షరతు. తేలిక చేసే తొందరలో వైద్యం తప్పు రాయకూడదు" అంది.

అసలు ఆ శ్వాసకోశం గొడవేంటని అడిగాను. ఆవిడ మామూలుగా, కూర ఎలా వండాలో చెప్పినట్టు చెప్పింది. మనం మెలకువగా ఉన్నప్పుడు ఏదైనా పొరబోతే దగ్గు వచ్చి బయటికి తోసేస్తుంది. మత్తు ఇచ్చాక ఆ దగ్గు ఉండదు. కడుపులో ఉన్న తిండి, పుల్లటి రసం పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగిపోతుంది. ఊపిరితిత్తులు కాలినట్టు అయిపోతాయి. అలా ప్రాణం పోవచ్చు.

నేను ఇన్నాళ్లూ ఆపరేషన్ ముందు తినొద్దనేది వాంతి చేసుకుంటే గది పాడవుతుందనో, కడుపు కోస్తే లోపల అడ్డమనో అనుకునేదాన్ని. "కంటి మీదో కాలి మీదో చేసినా, పూర్తి మత్తు ఇస్తే ఇంతేనా?" అని అడిగాను. "ఇంతేనండి" అంది. కుర్చీలో వెనక్కి జారగిలబడ్డాను. మా ఇంట్లో ఎంతమందికి ఆపరేషన్లు అయ్యాయో, ఎవరెవరు కాఫీ తాగి వెళ్లారో వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను.

రాయడం మొదలుపెట్టాక తెలిసింది, తేలికగా రాయడం ఎంత బరువో. "నిషిద్ధము" తీసి "వద్దు" అని పెట్టడం ఎవరైనా చేస్తారు. పేచీ అంతా తర్వాతే.

"ఆపరేషన్‌కి ఆరు గంటల ముందు నుంచి" అని రాస్తే, డాక్టరు, "ఆపరేషన్ ఎన్నింటికో రోగులకేం తెలుసండి? ఒక్కోసారి వెనకది ముందు పడుతుంది, ముందుది వెనక పడుతుంది" అంది. అందరికీ కలిపి రాత్రి పన్నెండు తర్వాత ఏమీ వద్దని రాసేద్దామన్నాను. మధ్యాహ్నం ఆపరేషన్ ఉన్న ముసలివాళ్లు దాహంతో సొమ్మసిల్లిపోతారని ఒప్పుకోలేదు. ఆఖరికి ఖాళీ గీతలు పెట్టాం. ఏ గంట తర్వాత నీళ్లు తప్ప ఏమీ వద్దో, ఏ గంట తర్వాత నీళ్లు కూడా వద్దో నర్సు పెన్నుతో నింపుతుంది. లెక్క వేసే పని రోగికి లేదు.

పారదర్శక ద్రవాలంటే మంచినీళ్లు, పాలు లేని కాఫీ, గుజ్జు లేని పళ్లరసం అని డాక్టరు చెప్పింది. "మన దగ్గర పాలు లేని కాఫీ ఎవరు తాగుతారమ్మా? కాఫీ అన్న మాట కనపడితే చాలు, గ్లాసుడు చిక్కటిది పట్టించి వస్తారు" అన్నాను. ఆవిడ నవ్వి, "అయితే మంచినీళ్లు ఒక్కటే ఉంచండి. అందులో తప్పు లేదు" అంది. పాలు చూడ్డానికి నీళ్లలా జారినా కడుపులోకి వెళ్లాక తిండి కిందే లెక్కట. అందుకని "పాలు, కాఫీ, టీ, మజ్జిగ, జావ కూడా వద్దు" అని ఒక వరుస చేర్చాం.

మాత్రల దగ్గర మాత్రం ఇద్దరం గట్టిగానే వాదించుకున్నాం. "రోజూ వేసుకునే మాత్రలు గుక్కెడు నీళ్లతో వేసుకోండి" అని ముచ్చటగా రాసుకెళ్లాను. చిన్న వాక్యం, చదువు రానివాళ్లకి వినిపించినా అర్థమవుతుంది. ఆవిడ ఎర్ర పెన్నుతో కొట్టేసింది. షుగరు మాత్ర ఖాళీ కడుపుతో వేసుకుంటే షుగరు పడిపోతుందట. రక్తం పలచబడే మాత్ర ఆపకపోతే నెత్తురు ఆగదట. బీపీ మాత్రల్లోనూ కొన్ని వేసుకోవాలట, కొన్ని ఆపాలట. "తేలికగా ఉంది గానీ టీచర్ గారూ, మనిషిని చంపుతుంది" అంది. నాకు ముఖం మాడిపోయింది. "మీరు వాడే మాత్రలన్నీ ముందే డాక్టరుకి చూపించండి. ఏది వేసుకోవాలో, ఏది ఆపాలో అడగండి" అని రాసుకొచ్చాను. వాక్యాలు పెరిగాయి. పెరగనీ అనుకున్నాను.

ఊపిరితిత్తుల సంగతి దగ్గర నేను కాస్త మెత్తబడి "ప్రమాదం" అని రాశాను, జనం హడలిపోతారేమోనని. "ప్రమాదం అన్న మాట కరెంటు స్తంభం మీద కూడా ఉంటుందండి, ఎవరు చూస్తారు? జరిగేది రాయండి" అంది. అందుకని ఇలా రాశాం: "కడుపులో తిండి ఉంటే, మత్తులో ఉన్నప్పుడు అది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అలా ప్రాణం పోవచ్చు. పొరపాటున ఏదైనా తిన్నా, తాగినా వెంటనే చెప్పండి. ఎవరూ తిట్టరు. ఆపరేషన్ కొంచెం ఆలస్యం అవుతుంది, అంతే." చివరి రెండు వాక్యాలు నావి. తిడతారనే భయంతోనే మనవాళ్లు సగం సంగతులు దాస్తారని నాకు బడిలో అనుభవం.

అచ్చు వేసే ముందు పదిమంది చేత చదివించాలని డాక్టరు పట్టుబట్టింది. "అర్థమైందా అని మాత్రం అడక్కండి. మనవాళ్లు మొహమాటానికి అయిందనే అంటారు. ఇంటికెళ్లి ఏం చేస్తారో మీ మాటల్లో చెప్పండి అని అడగండి" అంది.

మొట్టమొదట బాపట్ల వెళ్లి మా వదిన చేతే చదివించాను. మా అన్నయ్య అక్కడ ఒక చిన్న గుళ్లో అర్చకుడు. వదిన వంటింట్లో పీట మీద కూర్చుని గడగడా చదివేసింది. ఏం చేస్తావో చెప్పమంటే పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "రాసిచ్చిన టైముకి ముందే అన్నం తినేస్తాను. తర్వాత నీళ్లే. కాఫీ కూడా తాగను. ఆ తర్వాత నీళ్లు కూడా ముట్టను. ఏదైనా నోట్లో పడితే డాక్టరమ్మతో చెప్పేస్తాను. చాలా?" అంది. కాఫీ మానుకుంటానని మా వదిన అన్నదంటే ఆ కాగితానికి ఎంత శక్తి ఉందో చూడండి! బాపట్ల నుంచి తిరిగొచ్చేటప్పుడు రైల్లో నేను ఉబ్బి తబ్బిబ్బయ్యాను. చదివించడానికని తీసిన నకళ్లలోనే ఒకదాని మీద నర్సు గంటలు నింపి వదినకి ఇచ్చింది. ఆవిడ ఆపరేషన్ మధ్యాహ్నం పన్నెండింటికి పెట్టారు; పొద్దున్న ఆరు తర్వాత నీళ్లు తప్ప ఏమీ వద్దు.

ఆ రోజు పొద్దున్న నాకు రేపల్లెలో పని పడింది. తెనాలి ఆసుపత్రి డాక్టర్లు వారం వారం అక్కడికి వెళ్లి చూసే క్లినిక్ ఒకటి ఉంది. ఆ వారం ఆపరేషన్‌కి రాసినవాళ్లు ఆ ఒక్క పూటే దొరుకుతారు. కాగితం చదివించి, రైలెక్కి వదినని లోపలికి తీసుకెళ్లే వేళకి తెనాలి చేరాలని నా లెక్క.

మొదట కూర్చున్నది గర్భసంచి ఆపరేషన్‌కి రాసిన ఒకామె. నా వయసే ఉంటుంది. కూడబలుక్కుంటూ చదివింది. ఇంటి దగ్గర ఏం చేస్తారో చెప్పండమ్మా అంటే అన్నీ సరిగ్గా చెప్పింది. పాలు వద్దంది, మజ్జిగ వద్దంది. నేను నర్సు వైపు చూసి కళ్లెగరేశాను. ఇంక లేవబోతూ నేను ఊరికే, మాటకి అడిగాను.

"ఆ రోజు పొద్దున్నే తెనాలి ఎలా వస్తారమ్మా?"

"బస్సుకే అక్కా. తలస్నానం చేసి, గుడికెళ్లి అర్చన చేయించుకుని, ప్రసాదం పుచ్చుకుని బస్సెక్కేస్తాం" అంది.

నేను తల ఊపాను. ఊపేశాక ఆగాను. "ప్రసాదం అంటే ఏం పెడతారమ్మా మీ గుళ్లో?"

"పులిహోర అక్కా. ఒక్కోనాడు చక్రపొంగలి."

"మరి నీళ్లు తప్ప ఏమీ వద్దన్నారుగా?"

ఆమె నా బొట్టు వైపు, నా ముఖం వైపు వింతగా చూసింది. "అదేంటక్కా, ప్రసాదం తిండి ఎలా అవుద్ది? ఒక్కపొద్దు ఉన్ననాడు కూడా పుచ్చుకుంటాంగా. కాదనకూడదు కదా" అంది.

అర్చకుల ఇంట పుట్టినదాన్ని. నా చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో ఉపవాసం నాడు కూడా చెయ్యి చాచి ప్రసాదం పుచ్చుకోవడమే తెలుసు. దాన్ని ఎవరూ తిండిలో జమ కట్టలేదు. ఆ కాగితం రాసేటప్పుడు పాలు తలుచుకున్నాను, జావ తలుచుకున్నాను, కిళ్లీ కూడా తలుచుకున్నాను. ఇది తలపుకే రాలేదు.

అప్పుడు తట్టింది, వదిన బాపట్లలో బయల్దేరేటప్పుడు అన్నయ్య ఏం చేసి ఉంటాడో. గబగబా అన్నయ్యకి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. వదిన ఫోన్ స్విచాఫ్. డాక్టరు ఎత్తలేదు, ఇంకో ఆపరేషన్‌లో ఉండి ఉంటుంది. మళ్లీ అన్నయ్యకే నొక్కబోయాను. పక్కనున్న నర్సు నా చేతిలోంచి ఫోన్ లాక్కుని తెనాలి ఆపరేషన్ థియేటర్ నంబరుకి కలిపి, స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచింది.

అవతల ఎవరో అమ్మాయి ఎత్తింది. మా వదిన సంగతి చెప్పి, ఏమైనా తిన్నదేమో అడగమన్నాను. "అడిగామండి. రాసుకున్నాం కూడా. రాత్రి నుంచి ఏమీ తినలేదన్నారు. ముందు కేసు అయిపోయింది, ఈవిడని లోపలికి తీసుకెళ్తున్నాం" అంది.

"తిన్నారా అని అడగొద్దమ్మా. పొద్దున గుళ్లో ప్రసాదం పుచ్చుకున్నారా అని అడుగు. నీకు దణ్ణం పెడతాను, ఒక్కసారి అడుగు" అని అరిచాను. క్లినిక్‌లో కూర్చున్నవాళ్లంతా మా చుట్టూ మూగారు.

అడుగుల చప్పుడు వినపడింది. ఆ అమ్మాయి అడగడం వినపడింది. తర్వాత కొంచెం దూరంగా, హాయిగా, మా వదిన గొంతు.

"పుచ్చుకోకుండా ఎలా వస్తానమ్మా? కట్టెపొంగలి. మా ఆయన దొన్నె నిండా పెట్టారు, సాయంత్రం దాకా నీరసపడిపోతానని."

వెంటనే అవతల డాక్టరు గొంతు, "ఆపండి. వెనక్కి తీసుకెళ్లండి" అంది. నేను బల్ల దగ్గరే కూర్చున్నాను. పులిహోర అని చెప్పిన ఆమె నాకు మంచినీళ్లు పట్టింది. "నేనేమైనా తప్పుగా అన్నానా అక్కా?" అని మళ్లీ మళ్లీ అడిగింది. లేదమ్మా, లేదమ్మా అన్నాను.

తెనాలి చేరేసరికి వదిన మంచం మీద కూర్చుని ఉంది. ముఖం చిన్నబోయింది. "నేను అబద్ధం చెప్పలేదమ్మాయ్. నీ కాగితంలో ఉన్నట్టే చేశాను. కాఫీ కూడా తాగలేదు" అంది. నిజమే. నా కాగితాన్ని తు.చ. తప్పకుండా పాటించి, ఆవిడ కడుపు నిండా నెయ్యి పొంగలితో మత్తు బల్ల దాకా వెళ్లింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక నేను కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

అన్నయ్య మాత్రం మండిపడుతున్నాడు. "ఏంటిది? దేవుడి ప్రసాదం పుచ్చుకుందని ఆపరేషన్ ఆపేస్తారా? విషం పెట్టినట్టు మాట్లాడతారేంటి?" అని వరండాలో గొంతు పెంచాడు. డాక్టరు వచ్చి, తలకి కట్టుకున్న టోపీ తీసి, ఆయన పక్కనే బెంచీ మీద కూర్చుంది. నాకు చెప్పినట్టే, దగ్గు ఆగిపోవడం దగ్గర నుంచి చెప్పింది. "కడుపుకి అది ప్రసాదమని తెలియదండి. నెయ్యి ఎక్కువ కదా, అరగడానికి మామూలు అన్నం కన్నా ఇంకా ఎక్కువసేపు పడుతుంది. ఇంకాసేపట్లో మత్తు ఇచ్చేసేదాన్ని" అంది. అన్నయ్య కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

ఆపరేషన్ మర్నాటికి మార్చారు. ఆ సాయంత్రమే కాగితం మళ్లీ పట్టుకున్నాం. ప్రసాదం గురించి రాయాల్సిందేనని నేను. రాస్తే దేవుణ్ణి చిన్నబుచ్చారని ఎవరైనా గొడవకి వస్తారేమోనని డాక్టరు. "ఆపరేషన్ రోజు పొద్దున ప్రసాదం తినొద్దు" అని రాసి చూశాను. ముల్లులా ఉంది. నా నోటితో నేనే చదవలేకపోయాను, ఇంక పక్కవాళ్లేం ఒప్పుకుంటారు? చివరికి అన్నయ్యనే అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "వద్దు అనకు. ఎప్పుడు పుచ్చుకోవాలో చెప్పు" అన్నాడు.

అలా వచ్చింది ఆ వాక్యం: "ప్రసాదం, తీర్థం కూడా ఆపరేషన్ అయ్యాకే. కళ్లకద్దుకుని ఇంట్లో వాళ్లకి ఇవ్వండి. డాక్టరు తినమన్నాక మీ వంతు పుచ్చుకోండి." కింద ఇంకోటి చేర్చాం, ఏ మతంవారైనా పవిత్రంగా తీసుకునేది ఏదైనా ఇంతేనని. డాక్టరు రెండుసార్లు చదివి, ఇందులో వైద్యం తప్పు లేదంది.

మర్నాడు పొద్దున వదినకి ఆపరేషన్ అయింది. ఏ ఇబ్బందీ రాలేదు. మెలకువ రాగానే ఆవిడ అడిగింది కాఫీ. డాక్టరు ఇంకా ఆగమంటే మూతి ముడుచుకుంది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

వదిన మళ్లీ నిద్రలోకి జారుకున్నాక అన్నయ్య నన్ను వరండాలోకి రమ్మన్నాడు. ఆయన చేతిలో కొత్త కాగితం ఉంది. గుళ్లో అంటిస్తానంటాడేమో అనుకున్నాను. ఏంటన్నయ్యా అని అడిగాను.

"మా గుడికి ఆపరేషన్‌కి వెళ్లేవాళ్లు పొద్దున్నే వస్తారు చెల్లాయ్. పేరూ గోత్రం చెప్పి అర్చన చేయించుకుని, అట్నుంచి అటే ఆసుపత్రికి వెళ్తారు. నేను అర్చకత్వం మొదలుపెట్టిన దగ్గర నుంచీ ఇంతే" అన్నాడు.

"అందరూ చేసేదే కదా అన్నయ్యా."

"పాపం పస్తుంటారు, కోతకి వెళ్తున్నారు అని వాళ్లకి కాస్త ఎక్కువే పెట్టేవాణ్ణి. మొహమాటపడితే కూర్చోబెట్టి తినిపించాను." ఆయన చేతిలో కాగితాన్ని మడతపెట్టాడు. "కొందరు అయ్యాక వచ్చి కొబ్బరికాయ కొట్టి వెళ్లారు. కొందరు మళ్లీ రాలేదు. ఎందుకు రాలేదో నేనెప్పుడూ కనుక్కోలేదు."

అలా ఏమీ అయి ఉండదు, ఆసుపత్రుల్లో తిన్నారా అని అడక్కుండా మత్తు ఇవ్వరు కదా అన్నాను.

"అడుగుతారు" అన్నాడు అన్నయ్య. "అడిగితే మీ వదిన చెప్పిందే కదా వాళ్లూ చెప్పి ఉంటారు."